హోటల్ గది ‘ఆన్ రిక్వెస్ట్’లో ఉంది, ఈలోగా విమానం టికెట్లు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. డిసెంబర్ 24 నుంచి 28 వరకు అమ్మానాన్నలతో కలిసి అయిదుగురం అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. హావ్‌లాక్ ద్వీపంలో ఒక రిసార్టులో 25, 26 రాత్రులకు రెండు గదులు నిన్న, అంటే నవంబర్ 14 సాయంత్రం 6 గంటలకు, ఒక పోర్టల్‌లో బుక్ చేశాను. ₹38,000 కట్ అయింది. కానీ స్టేటస్ On Request అని ఉంది, 72 గంటల్లో చెప్తామంటున్నారు. విమానం రేటు చూస్తుండగానే పెరుగుతోంది. గది ఖాయం కాకుండా టికెట్లు తీసుకుంటే ఇరుక్కుంటానా? ఆగితే రేటు చేయి దాటిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

నేను శ్రీకాకుళంలోనే ఇరవై ఏళ్లుగా టికెట్లు, హోటళ్లు బుక్ చేసే పని చేస్తున్నాను. టికెట్లు తీసుకోవచ్చు. అయితే దానికి ముందు ఒక పని చేయాలి, అదీ ఈరోజే. ఆ పని ఏమిటో చెప్పే ముందు మీ చేతిలో ఉన్నది ఏమిటో చూద్దాం.

మన దగ్గర చాలామంది ఆన్ రిక్వెస్ట్ అంటే రైల్లో వెయిటింగ్ లిస్ట్ లాంటిదే అనుకుంటారు. కాదండీ. వెయిటింగ్ లిస్ట్‌లో మీకొక నంబర్ ఉంటుంది, అది తగ్గుతుంటే మీకు కనిపిస్తుంది. చార్ట్ ఎప్పుడో ఒకప్పుడు వేసి తీరతారు. ఆన్‌లైన్ టికెట్ చార్ట్ అయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉండిపోతే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. ఆన్ రిక్వెస్ట్‌లో నంబరూ లేదు, చార్టూ లేదు. ‘గది ఇస్తారా?’ అని మీ తరఫున ఎవరో హోటల్‌కి ఒక ఉత్తరం పెట్టారు, అంతే. వరసలో మీ ముందు ఎవరున్నారో చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే అసలు వరసే లేదు.

ఇంకో తేడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఆ రిక్వెస్ట్ పెట్టినప్పుడు మీరు మాట ఇచ్చేశారు, వాళ్లు ఇవ్వలేదు. రేపు హోటల్ ‘సరే’ అన్న క్షణంలోనే మీ బుకింగ్ ఖాయమైపోతుంది, రద్దు షరతులు కూడా ఆ క్షణం నుంచే మొదలవుతాయి. క్రిస్మస్ వారంలో చాలా రిసార్టుల షరతు ‘ఖాయమైతే పైసా వెనక్కి రాదు’ అనే ఉంటుంది. మీ బుకింగ్ పేజీలో రద్దు షరతుల దగ్గర ఏం రాశారో ఇప్పుడే ఒకసారి తెరిచి చదవండి. ఫాల్‌బ్యాక్, అంటే ఇది దొరక్కపోతే ఆదుకునే మరో గది, ఎలా వేసుకోవాలన్నది ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు ఆ గది నేరుగా కన్ఫర్మ్ ఎందుకు కాలేదంటే, హోటళ్లు పోర్టళ్లకీ టోకు ఏజెంట్లకీ కొన్ని గదులు వదిలిపెడతాయి. దాన్ని అలాట్‌మెంట్ అంటాం. ఆ గదులున్నంత వరకు మీరు నొక్కగానే కన్ఫర్మ్ అవుతుంది. అవి అయిపోయినా, రిలీజ్ తేదీ దాటి హోటల్ వాటిని వెనక్కి తీసుకున్నా, పండగ వారం కదా అని హోటలే అమ్మకం ఆపేసినా, పోర్టల్‌లో అదే గది ఆన్ రిక్వెస్ట్‌గా మారుతుంది. అంటే గది లేదని కాదు, ఉందనీ కాదు. ఇవ్వాలా వద్దా అన్నది హోటల్ రిజర్వేషన్ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి నిర్ణయం. ఆ మనిషి ముందు డిసెంబర్ 25కి ఒక పెళ్లి గ్రూపో, కంపెనీ గ్రూపో ఇరవై గదులు పట్టి ఉంచి ఉండొచ్చు. వాళ్లు అడ్వాన్స్ కట్టకపోతే ఆ గదులు వదులుతారు, కడితే మీకు లేవు. లేదా మూడు రాత్రులు ఉండేవాళ్లకే ఇద్దామని చూస్తుండొచ్చు. మీరు అడిగింది రెండు రాత్రులు.

ఆ 72 గంటలు కూడా అంత నమ్మదగ్గ లెక్క కాదు. పోర్టల్ నుంచి టోకు ఏజెంట్‌కి, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న స్థానిక ఏజెంట్‌కి, అక్కడి నుంచి రిసార్టుకి మీ ఉత్తరం చేతులు మారుతుంది. మధ్యలో ఎవరికి సెలవైనా అక్కడే ఆగుతుంది. జవాబు కూడా అదే దారిలో వెనక్కి రావాలి.

అందుకే మొదట రిసార్టుకే నేరుగా ఫోన్ చేయండి. పోర్టల్ కస్టమర్ కేర్‌కి కాదు, వాళ్లకీ మీకు కనిపించే స్క్రీనే కనిపిస్తుంది. రిసార్టు నంబర్‌కి పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో చేయండి. అప్పటికి చెక్‌ఔట్ల హడావిడి మొదలై ఉంటుంది గానీ రిజర్వేషన్ వాళ్లు సీట్లో ఉంటారు. రిసెప్షన్ ఎత్తితే రిజర్వేషన్‌కి కలపమనండి. నేను మాట్లాడే తీరు ఇలా ఉంటుంది:

“నమస్తే సార్. డిసెంబర్ 25 చెకిన్, 27 చెకౌట్, రెండు గదులు, ఫలానా పేరు మీద మీకు రిక్వెస్ట్ ఏమైనా వచ్చిందా?”

దీనికి మూడు రకాల జవాబులే వస్తాయి. ‘మాకేమీ రాలేదండీ’ అంటే ఉత్తరం మధ్యలో ఎక్కడో ఆగింది. పోర్టల్‌కి ఫోన్ చేసి, హోటల్‌కి అందలేదట, మళ్లీ పంపండి అని గట్టిగా అడగాలి. ‘వచ్చింది, ఫుల్ అండీ’ అంటే మీకు రెండు రోజుల ముందే జవాబు తెలిసిపోయినట్టు. పోర్టల్ నుంచి అధికారికంగా కాదని వచ్చేదాకా ఆగక్కర్లేదు, వెంటనే రిక్వెస్ట్ వెనక్కి తీసుకుని డబ్బు వాపసు మొదలుపెట్టించండి. మూడోది ‘వచ్చింది, చూస్తున్నాం’. ఇక్కడే అసలు ప్రశ్న అడగాలి: “దేనికోసం చూస్తున్నారు సార్? ఏ తేదీకి తేలుతుంది?” గ్రూపు అడ్వాన్స్ కోసమైతే తేదీ చెప్తారు. మీవి రెండు రాత్రులే అని ఆలోచిస్తుంటే, ‘రెండు రాత్రులకే ఇస్తారో లేదో ఎప్పటికి చెప్పగలరు?’ అని అడగండి. మూడో రాత్రిగా 27ని కలపడం మీకు కుదరదు, 28న తిరుగు విమానం ఉంది కాబట్టి ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్ రాత్రిని వదిలి 24నే ద్వీపంలో దిగుదామని కూడా అనుకోకండి. విశాఖ నుంచి ఒక స్టాప్ విమానంలో వెళ్లి, అదే రోజు ఫెర్రీ అందుకోవడం పెద్దవాళ్లతో చేసే పని కాదు. ఒక విమానం గంట ఆలస్యమైతే మధ్యాహ్నం ఫెర్రీ పోతుంది.

ఆ ఫోన్‌లోనే ఇంకొకటి కూడా అడగండి: 24 రాత్రి, 31 రాత్రి కొన్ని రిసార్టులు గాలా డిన్నర్ అని తప్పనిసరి రుసుము మనిషికింత అని వేస్తాయి. మీవి 25, 26 కాబట్టి పడకపోవచ్చు. అయినా ‘కట్టిన డబ్బు మీద ఇంకేమైనా ఉందా?’ అని అడిగితే పోయేదేమీ లేదు.

ఫోన్ అయ్యాక, జవాబు ఏదైనా సరే (‘ఇచ్చేస్తాం’ అని నోటితో చెప్పినా సరే), ఈరోజే చేయాల్సిన పని: హావ్‌లాక్‌లోనే మరో హోటల్‌లో 25, 26 రాత్రులకు రెండు గదులు, రద్దు ఉచితంగా ఉండేలా, డబ్బు హోటల్‌లో కట్టేలా, ఇప్పటికిప్పుడు కన్ఫర్మ్ అయ్యేలా తీసుకోండి.

ఈ నాలుగు షరతుల్లో ఒక్కటి తప్పినా అది ఫాల్‌బ్యాక్ కాదు. రెండోది కూడా ఆన్ రిక్వెస్ట్ అయితే మీకు రెండు ఆశలున్నట్టు, మంచం ఒక్కటీ లేనట్టు. డబ్బు ముందే కట్టాల్సొస్తే ఇప్పటికే ₹38,000 ఇరుక్కుని ఉన్న చోట ఇంకో పాతికవేలు ఇరుక్కుంటాయి. యూపీఐలో గానీ డెబిట్ కార్డు మీద గానీ కట్టి ఉంటే ఆ ₹38,000 నిజంగానే మీ ఖాతాలోంచి పోయాయి. రిక్వెస్ట్ కాదంటే తిరిగి రావడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. క్రెడిట్ కార్డు అయితే కొన్నిసార్లు డబ్బు పూర్తిగా తీసుకోకుండా పట్టి ఉంచుతారు, అప్పుడైనా మీ లిమిట్ అంతమేర తగ్గి ఉంటుంది. ఎలా చూసినా ఆ సొమ్ము మళ్లీ వాడుకోవడానికి ఈ వారం మీ చేతిలో ఉండదని లెక్కేసుకోండి.

ఇక అదే ద్వీపంలో ఎందుకంటే, హోటల్ మారినా ఫెర్రీ మారకూడదు. క్రిస్మస్ వారంలో ఫెర్రీ సీట్లు కూడా అయిపోతాయి. ఫాల్‌బ్యాక్‌గా నీల్ ద్వీపంలో గది తీసుకుంటే, రిసార్టు కాదన్న రోజున ఫెర్రీ టికెట్లు కూడా మార్చుకోవాల్సి వస్తుంది. ఆ రోజుకి సీట్లు ఉంటాయో లేదో తెలియదు. రెండు హోటళ్లూ హావ్‌లాక్‌లోనే ఉంటే ఫెర్రీని ఇప్పుడే నిశ్చింతగా తీసేసుకోవచ్చు.

అమ్మానాన్నల సంగతి చూసి హోటల్ ఎంచండి. హావ్‌లాక్‌లో గోవిందనగర్, విజయనగర్ వైపు, అంటే 3, 5 నంబర్ బీచుల వైపు, జెట్టీకి దగ్గరగా చాలా హోటళ్లుంటాయి. అందరూ అడిగే రాధానగర్ బీచ్ 7వ నంబర్, అది ద్వీపానికి అవతల, జెట్టీ నుంచి పది కిలోమీటర్ల పైనే. ఫాల్‌బ్యాక్‌కి నేనైతే జెట్టీ వైపే తీసుకుంటాను. నేల అంతస్తు గదులు ఉన్నాయా అని అడిగి మరీ. అక్కడ లిఫ్టులు లేని చోట్లే ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మొదటి అంతస్తు కూడా శిక్షే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తున్నాను. ఫాల్‌బ్యాక్ చేతికి వచ్చిన నిమిషం నుంచి మీ విమానానికీ ఆ రిసార్టుకీ సంబంధం తెగిపోయింది. రిసార్టు ఇచ్చినా ఇవ్వకపోయినా 25 రాత్రి ద్వీపంలో మీకు గది ఉంది. కాబట్టి విమానం టికెట్లు ఈరోజే తీసుకోండి, 72 గంటలు ఆగకండి. చాలామంది ఇక్కడే తలకిందులుగా ఆలోచిస్తారు. ముందు ఇష్టపడ్డ హోటల్ ఖాయం కావాలి, అప్పుడే టికెట్లు అంటారు. ఆ మూడు రోజుల్లో మనిషికి రెండు వేలు పెరిగితే అయిదుగురికి పదివేలు. ఉచితంగా దొరికే ఒక బుకింగ్ ఆ పదివేలని కాపాడుతుంది. నా దృష్టిలో ఫాల్‌బ్యాక్ విలువంతా అక్కడే ఉంది.

టికెట్లు ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, దానికి కారణం ఉంది. ప్రయాణం ఇంకా వారానికి పైనే ఉన్నప్పుడు, ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా తీసుకున్న టికెట్‌ని బుక్ చేసిన 24 గంటల్లోపు రద్దు చేస్తే రద్దు రుసుము ఉండకూడదని మన దేశంలో పౌర విమానయాన నిబంధన ఉంది. మీ ప్రయాణం నెల పైనే ఉంది కాబట్టి ఇది మీకు వర్తిస్తుంది. ఏజెంట్ దగ్గరో వేరే పోర్టల్‌లోనో తీసుకుంటే వాళ్ల సర్వీసు రుసుములు మధ్యలో వస్తాయి. (నేను ఏజెంట్‌నే అయినా ఈ మాట చెప్తున్నాను, మీ సందర్భంలో నిజం ఇదే.) ఆ 24 గంటలు వృథా చేయకండి. మర్నాడు పొద్దున ఫాల్‌బ్యాక్ హోటల్‌కి ఫోన్ చేసి, మీ పేరు వాళ్ల రిజిస్టర్‌లో ఉందా, రెండు గదులూ ఉన్నాయా అని అడగండి. ఎప్పుడో ఒకసారి పోర్టల్‌లో కన్ఫర్మ్ అన్నా హోటల్ వాళ్లు ‘మాకు తెలీదు’ అంటారు. అలా జరిగితే విమానం ఇంకా ఉచితంగా రద్దు చేసుకునే గడువులోనే ఉంటారు. టికెట్ తీసుకున్న సమయం కాగితం మీద రాసి పెట్టుకోండి. మధ్యాహ్నం 12:40కి తీసుకుంటే మర్నాడు 12:40లోపే తేల్చుకోండి.

ఇప్పుడు గడువుల సంగతి. ఇది మీరు ఎంత జాగ్రత్తగా చేస్తే అంత మంచిది. నా కౌంటర్ మీద ఇలాంటి ప్రతి బుకింగ్‌కీ ఒక చిన్న చీటీ ఉంటుంది. అందులో రెండే సమయాలు రాస్తాను. ఒకటి రిక్వెస్ట్ మీద నేను తేల్చేసే సమయం, రెండోది ఫాల్‌బ్యాక్‌ని ఉచితంగా రద్దు చేసుకునే ఆఖరి సమయం. మొదటిది ఎప్పుడూ రెండోదానికంటే ముందుండాలి, కనీసం రెండు రోజులు ముందు. మీ లెక్క వేసి చూపిస్తాను.

మీ రిక్వెస్ట్ నవంబర్ 14 సాయంత్రం 6కి పెట్టారు. 72 గంటలంటే 17 సాయంత్రం 6. రిసార్టు ఖరీదు ₹38,000, అంటే నాలుగు గది-రాత్రులకి ఒక్కోటి ₹9,500. ఫాల్‌బ్యాక్‌లో గది రాత్రికి ₹6,500 పడిందనుకుందాం, మొత్తం ₹26,000, హోటల్‌లో కట్టాలి. డిసెంబర్ 10 రాత్రి 11:59 వరకు రద్దు ఉచితం, ఆ తర్వాత మొదటి రాత్రి డబ్బు పోతుంది అని ఉందనుకుందాం. రెండు గదులకి అది ₹13,000. ఇక్కడ చీటీ మీద రాయాల్సింది: ‘17 సాయంత్రం 6 – తేల్చు’, ‘డిసెంబర్ 10 రాత్రి – రద్దు ఆఖరు’.

17 సాయంత్రానికి కన్ఫర్మ్ అయిందనుకోండి. ఫోన్‌లో పచ్చ రంగు టిక్ కనిపించగానే ఫాల్‌బ్యాక్ రద్దు చేసేయకండి. వోచర్ తెరిచి చూడండి. అందులో Confirmed అని ఉండాలి, మీరు అడిగిన రకం గదులు రెండూ ఉండాలి, తేదీలు 25 నుంచి 27 అని ఉండాలి, ఒక గదిలో ఉండే మూడో మనిషికి ఎక్స్‌ట్రా బెడ్, అల్పాహారం ఉండాలి. పోర్టల్ ఇచ్చే బుకింగ్ ఐడీ వేరు, హోటల్ ఇచ్చే కన్ఫర్మేషన్ నంబర్ వేరు. హోటల్ నంబర్ లేకపోతే అడగండి. ఒక రోజు ఆగి రిసార్టుకి ఫోన్ చేసి ఆ నంబర్ చెప్పండి. వాళ్ల నోటి నుంచి మీ పేరు, రెండు గదులు అన్న మాట వచ్చాకే ఫాల్‌బ్యాక్ రద్దు చేయండి. డిసెంబర్ 10 దాకా సమయం ఉంది, ఒక రోజు ఆగడానికి తొందరేమీ లేదు.

కొన్నిసార్లు వోచర్ బదులు ‘అదే స్థాయి హోటల్ ఇస్తున్నాం’ అని వేరే పేరుతో వస్తుంది. ఆ స్థాయి అన్నది నక్షత్రాల లెక్క, మీ నాన్నగారి మోకాళ్ల లెక్క కాదు. మీరు ఒప్పుకుంటేనే అది బుకింగ్ అవుతుంది. ఒప్పుకోకపోతే పూర్తి డబ్బు వెనక్కి అడగండి. చూడకుండా ‘సరే’ నొక్కొద్దు.

17 సాయంత్రానికి ఏ జవాబూ రాలేదనుకోండి. ఇక్కడ రెండు దారులు. రిసార్టు రిజర్వేషన్ మనిషి ఒక కారణం, ఒక తేదీ చెప్పి ఉంటే, ఉదాహరణకి ‘గ్రూపు వాళ్లు నవంబర్ 25లోగా అడ్వాన్స్ కట్టాలి’ అంటే, ఒక్కసారి పొడిగించండి, నవంబర్ 26 దాకా. ఫాల్‌బ్యాక్ ఎలాగూ డిసెంబర్ 10 దాకా ఉచితమే. కారణమూ తేదీ రెండూ లేకపోతే ఆ సాయంత్రమే వెనక్కి తీసుకోండి. ‘ఇంకో రెండ్రోజులు చూద్దాం’ అనే మాటకి అంతం ఉండదు. ఆ ₹38,000 అలాగే ఇరుక్కుని ఉంటుంది, డిసెంబర్ మొదటి వారానికి ఫాల్‌బ్యాక్‌కంటే మంచి గదులు కూడా అయిపోతాయి.

వెనక్కి తీసుకోవడం అంటే యాప్ మూసేసి మర్చిపోవడం కాదు. ఇది నాకు సొంత అనుభవం. కొన్నేళ్ల కిందట నరసన్నపేట నుంచి ఒక కుటుంబానికి గోవాలో గది చూశాను. పండగ వారమే. ఒక టోకు ఏజెంట్ ద్వారా ఆన్ రిక్వెస్ట్ పెట్టాను. మూడు రోజులు జవాబు లేదు. వేరే హోటల్ కన్ఫర్మ్ చేసి, ఆ రిక్వెస్ట్ ఇక రాదులే అనుకున్నాను. వెనక్కి తీసుకోవాలని అనుకున్నాను గానీ రాతపూర్వకంగా పెట్టలేదు. పదో రోజు రాత్రి అది కన్ఫర్మ్ అయింది. అదే నిమిషంలో రద్దు షరతు కూడా వచ్చింది. రెండు హోటళ్లూ ఖాయం, మనుషులు ఒక్కచోటే ఉండగలరు. ఎంత అడిగినా వాళ్లు ఒక రాత్రి డబ్బు తీసుకునే వదిలారు, ₹7,500. ఆ కుటుంబం డబ్బు పోకుండా నేనే కట్టాను. ఆ రోజు నుంచి రిక్వెస్ట్ వదిలేయాలనుకున్న ప్రతిసారీ మెయిల్ పెట్టి, ‘రద్దయింది’ అన్న జవాబు వచ్చేదాకా దాని చీటీ తీయను.

మీరూ అలాగే చేయండి. పోర్టల్ యాప్‌లో రద్దు చేసే మీట ఉంటే అది నొక్కండి, దానితో పాటు మెయిల్ కూడా పెట్టండి. అందులో బుకింగ్ ఐడీ, మీ పేరు, తేదీలు రాసి, ఈ రిక్వెస్ట్‌ని వెనక్కి తీసుకుంటున్నాను, ఇకపై కన్ఫర్మ్ చేసినా నాకు సమ్మతం కాదు, డబ్బు తిరిగి పంపండి అని స్పష్టంగా రాయండి. రిసార్టుకి కూడా ఒక ఫోన్ చేసి ‘మా రిక్వెస్ట్ తీసేయండి’ అనండి. జవాబు మెయిల్ వచ్చాకే నిశ్చింతగా ఉండండి.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు. ఒక పోర్టల్‌లో రావట్లేదని అదే రిసార్టుకి ఇంకో రెండు చోట్ల నుంచి రిక్వెస్ట్‌లు పెడతారు. ఒకే పేరు, ఒకే తేదీలు మూడు ఏజెంట్ల నుంచి వస్తే రిజర్వేషన్ వాళ్లకి ఇది నిజమైన గిరాకీ కాదనిపిస్తుంది, మూడూ పక్కన పెట్టేస్తారు. ఒక్కోసారి రెండు చోట్ల కన్ఫర్మ్ కూడా అవుతాయి, అది ఇంకా కష్టం. విమానంలోనూ అంతే. ఒకే పేరు మీద ఒకే రోజు రెండు సీట్లు పట్టి ఉంటే ఎయిర్‌లైన్ డూప్లికేట్ అని తీసేయొచ్చు.

విమానం మాట వచ్చింది కాబట్టి, మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా ఒక విషయం చెప్తాను. అంతర్జాతీయ ప్రయాణం ఏజెంట్ దగ్గర బుక్ చేసేవాళ్లు తరచూ ఇందులో పడతారు. పీఎన్‌ఆర్ వచ్చిందంటే సీటు వచ్చినట్టు కాదు. ఏజెంట్ సిస్టమ్‌లో సీటు అడిగినా పీఎన్‌ఆర్ పుడుతుంది. ఆ ప్రయాణం పక్కన రెండక్షరాల కోడ్ ఉంటుంది: HK అంటే సీటు ఖాయం, HN అంటే అడిగాం, జవాబు రాలేదు, HL అంటే వెయిటింగ్, UC అంటే ఇవ్వలేమన్నారు. HK అయినా టికెట్ తీసే గడువు దాటితే సీటు పోతుంది. కాబట్టి ఏజెంట్ని 13 అంకెల టికెట్ నంబర్ అడగండి. దేశంలో తిరిగే చవక విమానాలకి చాలాసార్లు ఆ నంబర్ విడిగా ఉండదు. అప్పుడు పీఎన్‌ఆర్, ఇంటిపేరు పెట్టి ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లో తెరవండి. అక్కడ ప్రయాణికులందరి పేర్లతో కన్ఫర్మ్ అని కనిపిస్తే చాలు. ఏజెంట్ పంపిన పీడీఎఫ్‌ని మాత్రమే నమ్మొద్దు.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందంటే, పండగ దగ్గరపడేకొద్దీ రద్దు ఉచితంగా ఉండే గదులు తగ్గిపోతాయి. ఈరోజు మీరు వెతికితే హావ్‌లాక్‌లో నాలుగు షరతులకీ సరిపోయే గది దొరకకపోవచ్చు. అప్పుడు ఫాల్‌బ్యాక్‌ని పోర్ట్ బ్లెయిర్‌కి మార్చండి. 25, 26 రాత్రులకి పోర్ట్ బ్లెయిర్‌లో రద్దు ఉచితంగా ఉండే గదులు తీసుకోండి. అక్కడ హోటళ్లు ఎక్కువ, దొరికే అవకాశం కూడా ఎక్కువ. రిసార్టు కాదంటే పొద్దుటి ఫెర్రీలో హావ్‌లాక్ వెళ్లి మధ్యాహ్నం ఫెర్రీలో తిరిగి రావొచ్చు. ఫెర్రీ రకాన్ని బట్టి ఒక్కోవైపు గంటన్నర నుంచి రెండున్నర గంటలు. పెద్దవాళ్లకి అలసటే, కానీ రోడ్డు మీద పడే పరిస్థితి రాదు. ఇలా చేస్తే మాత్రం ఫెర్రీ టికెట్లు రిసార్టు జవాబు తేలాకే తీసుకోవాలి, ఎందుకంటే తిరుగు ఫెర్రీ రోజు మారుతుంది.

అసలు ఫాల్‌బ్యాక్ ఎక్కడా దొరకకపోతే? అప్పుడే మీరు విమానం ఆపి 17 సాయంత్రం దాకా చూడాల్సింది. గది లేకుండా అయిదుగురికి తిరిగి రాని టికెట్లు తీసుకోవడం నేను ఎవరికీ చెప్పను. అలా తీసుకుని రద్దు చేస్తే విమానాశ్రయ రుసుములు, పన్నుల భాగమైతే వెనక్కి రావాలి, కానీ టికెట్ ధరలో పెద్ద భాగం పోతుంది.

టికెట్లు తీసుకునేటప్పుడు సమయం కూడా చూసుకోండి. పోర్ట్ బ్లెయిర్‌కి కలిపే విమానాలు చాలావరకు పొద్దున్నే ఉంటాయి, కాబట్టి విశాఖ నుంచి బయల్దేరేది తెల్లవారుజామునే పడుతుంది. మన శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం వంద కిలోమీటర్ల పైనే. పొద్దుట ఆరింటికి విమానమైతే రాత్రి ఒంటిగంటన్నరకి ఇల్లు కదలాలి. అమ్మానాన్నలతో కాబట్టి 23 రాత్రి విశాఖలో విమానాశ్రయం దగ్గర ఒక గది తీసుకోవడం మేలు. ఆ గది కూడా రద్దు ఉచితంగా ఉండేదే చూడండి, విమానం సమయం మారితే మార్చుకోవచ్చు.

చివరగా, మీరు ఏ హోటల్ వదిలేసినా దాని రద్దు మెయిల్‌ని, వాపసు వస్తుందని రాసిన మెయిల్‌ని ప్రయాణం అయ్యేదాకా తుడిచేయకండి. ఆ ₹38,000 బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తిరిగి వచ్చిన వరస మీ కళ్లతో చూశాకే తీసేయండి. పది పనిదినాలు దాటినా రాకపోతే పోర్టల్‌ని వాపసు లావాదేవీ నంబర్ అడిగి, అది పట్టుకుని మీ బ్యాంకుకి వెళ్లండి. ఆ నంబర్ ఉంటే డబ్బు ఎక్కడ ఆగిందో బ్యాంకు వాళ్లు వెతకగలరు. రిసార్టుకి ఫోన్ చేశాక ఏమన్నారో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి 17 తర్వాత ఏం చేయాలో చెప్తాను.